నష్టాల షేరు అమ్మితే పన్ను నిజంగా ఎంత తగ్గుతుంది: మార్చి నెల లెక్క
(చిన్న మదుపరుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మార్చి వచ్చిందంటే చాలు, బ్రోకర్ల యాప్‌లలో "టాక్స్ హార్వెస్టింగ్" అని ఒక బటన్ మెరుస్తుంటుంది. నొక్కితే మీ దగ్గర నష్టాల్లో ఉన్న షేర్ల జాబితా వస్తుంది, పక్కనే "మీరు ఇంత ఆదా చేయొచ్చు" అని ఒక అంకె ఉంటుంది. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ అంకె గురించే. అది ఎప్పుడు నిజం, ఎప్పుడు సగం నిజం, ఎప్పుడు ఉత్తదే అన్నది ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా లెక్క వేసి చూద్దాం.

ముందు రేట్లు ఒకసారి గుర్తు చేసుకుందాం. లిస్టెడ్ షేరు కొని 12 నెలలు దాటకుండా అమ్మితే స్వల్పకాలిక లాభం. 2024 జూలై 23 నుంచి దాని మీద పన్ను 20 శాతం. 12 నెలలు దాటాక అమ్మితే దీర్ఘకాలిక లాభం. ఏడాదిలో మొదటి 1,25,000 రూపాయల దాకా దాని మీద పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. రెండింటి మీదా 4 శాతం సెస్సు పడుతుంది కాబట్టి, మన లెక్కల్లో 20 అంటే 20.8, 12.5 అంటే 13 అనుకోండి. పెద్ద ఆదాయాల వాళ్లకి సర్‌చార్జీ కూడా ఉంటుంది, దాని జోలికి ఇవాళ వెళ్లను.

ఇక నష్టాల సంగతి. స్వల్పకాలిక నష్టాన్ని స్వల్పకాలిక లాభంలోనూ తీసేసుకోవచ్చు, దీర్ఘకాలిక లాభంలోనూ తీసేసుకోవచ్చు. దీర్ఘకాలిక నష్టం మాత్రం దీర్ఘకాలిక లాభంలోనే తీయాలి. జీతంలోంచో అద్దెలోంచో వడ్డీలోంచో ఏ నష్టాన్నీ తీయనివ్వరు. చట్టం చెప్పేది ఇంతే. చూడ్డానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ డబ్బంతా అక్కడే ఉంది.

ఇప్పుడు బోర్డు మీద రాస్తున్నాను. రమణ అని ఒకాయన అనుకుందాం, హైదరాబాద్‌లో ఉద్యోగం. 2025-26లో ఇప్పటికే కొన్ని షేర్లు అమ్మి 1,80,000 స్వల్పకాలిక లాభం, 2,10,000 దీర్ఘకాలిక లాభం తీసుకున్నాడు. చేతిలో రెండు షేర్లు నష్టాల్లో ఉన్నాయి. మొదటిది 2025 మార్చి 20న కొన్నది, 640 చొప్పున 500 షేర్లు, ఇప్పుడు ధర 430. నష్టం 1,05,000. రెండోది మూడేళ్ల కిందట 900 చొప్పున కొన్న 300 షేర్లు, ఇప్పుడు 620. నష్టం 84,000. ఇవాళ మార్చి మొదటి వారం అనుకోండి.

ఏమీ అమ్మకపోతే ఎంత కట్టాలి? 1,80,000 మీద 20 శాతం, 36,000. దీర్ఘకాలిక లాభంలో 1,25,000 పోగా మిగిలిన 85,000 మీద 12.5 శాతం, 10,625. మొత్తం 46,625, సెస్సు 1,865 కలిపితే 48,490.

ఇప్పుడు మొదటి షేరు అమ్ముతాడు. కొని ఇంకా 12 నెలలు కాలేదు కాబట్టి అది స్వల్పకాలిక నష్టం. 1,80,000లోంచి 1,05,000 పోతే 75,000 మిగులుతుంది. పన్ను 36,000 నుంచి 15,000కి దిగుతుంది. సెస్సుతో కలిపి ఆదా 21,840. తర్వాత రెండోది కూడా అమ్ముతాడు. 2,10,000లోంచి 84,000 పోతే 1,26,000. మినహాయింపు పోగా పన్ను పడేది వెయ్యి రూపాయల మీదే. ఇక్కడ ఆదా 10,920. రెండూ కలిపి 32,760. కట్టాల్సింది 48,490 నుంచి 15,730కి వచ్చింది. యాప్ చూపించేది ఈ 32,760నే.

ఒక్క తేదీ మారిస్తే ఏమవుతుందో చూడండి. రమణ "మార్చి ఆఖరి వారంలో చూద్దాంలే" అనుకున్నాడు. 20వ తేదీ దాటింది. మొదటి షేరుకు 12 నెలలు నిండాయి. అదే షేరు, అదే ధర, అదే 1,05,000 నష్టం. కానీ ఇప్పుడది దీర్ఘకాలిక నష్టం. స్వల్పకాలిక లాభాన్ని అది ముట్టుకోలేదు, ఆ 36,000 పన్ను అలాగే ఉంటుంది. 2,10,000 దీర్ఘకాలిక లాభంలోంచి 1,05,000 తీస్తే మిగిలేది కూడా 1,05,000, అంటే 1,25,000 కన్నా తక్కువ. కాబట్టి నిజంగా పనికొచ్చింది 85,000 నష్టమే, ఆదా 11,050. రెండో షేరు కూడా అమ్మితే అదనంగా దక్కేది సున్నా. 32,760 రావాల్సిన చోట 11,050 వచ్చింది. మార్కెట్ ఏమీ చేయలేదు, క్యాలెండరు చేసింది. అందుకే నేను చెప్పేది, నష్టాల షేర్ల జాబితా తీసినప్పుడు ముందు ధర కాదు, కొన్న తేదీ చూడండి. 12 నెలలకు దగ్గర పడుతున్న నష్టం ఉంటే అది మొదట తేలాలి. లాభాల షేరుకైతే దీనికి సరిగ్గా తలకిందులు, 12 నెలలు నిండేదాకా ఆగాలి.

ఇందాక "అదనంగా దక్కేది సున్నా" అన్నాను. ఇక్కడ చాలామంది అడిగేది ఒకటుంది: "పనికి రాని ఆ నష్టాన్ని వచ్చే ఏడాదికి తీసుకెళ్లొచ్చు కదా?" తీసుకెళ్లలేరు. అదే ఏడాది అదే రకం లాభం ఉంటే నష్టాన్ని ముందు దాంట్లో తీసేయాల్సిందే, ఆ తర్వాతే 1,25,000 మినహాయింపు చూస్తారు. "లాభానికి నా మినహాయింపు వాడుకుంటాను, నష్టాన్ని దాచుకుంటాను" అంటే కుదరదు. అంటే మినహాయింపు లోపల ఉన్న లాభాన్ని, ఎలాగూ పన్ను లేని లాభాన్ని, మీ నష్టం తినేస్తుంది.

ఉదాహరణకు రమణ దీర్ఘకాలిక లాభం 2,10,000 కాకుండా 1,60,000 అనుకోండి. పన్ను పడేది 35,000 మీదే. రెండో షేరు మొత్తం అమ్మి 84,000 నష్టం తెచ్చుకుంటే 35,000కే ఫలితం, 4,550 ఆదా. మిగతా 49,000 నష్టం గాలికి పోయింది. అప్పుడేం చేయాలి? షేరుకు నష్టం 280. 35,000ని 280తో భాగిస్తే 125. అంటే 300 షేర్లలో 125 అమ్మితే చాలు, అదే 4,550 ఆదా. మిగతా 175 షేర్ల నష్టం వచ్చే ఏడాదికి చెక్కుచెదరకుండా ఉంటుంది. ఉన్నదంతా అమ్మడం అలవాటు, ఎన్ని అమ్మాలో లెక్కేసుకోవడం అలవాటు కాదు. ఈ భాగహారం ఫోన్‌లోనే అయిపోతుంది.

దీనికి ఇంకో కొస ఉంది. ఇంట్లో అమ్మ పేరుతోనో, ఉద్యోగం లేని భార్య పేరుతోనో, ఆమె సొంత డబ్బుతో కొన్న షేర్లు ఉన్నాయనుకోండి. వేరే ఆదాయం లేదు. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు కదా, భారత్‌లో నివాసి అయితే వాడని ఆ పరిమితిలో ఈ షేర్ల లాభాన్ని కూడా సర్దుకోవచ్చు. 1,80,000 స్వల్పకాలిక లాభం ఉన్నా ఆమెకు పన్ను సున్నా. అక్కడ నష్టం అమ్మడం దండగ. అయితే 12 లక్షల దాకా పన్ను లేదు కదా అని దీనితో కలపకండి. అది రిబేటు, షేర్ల లాభం మీద పడే ఈ ప్రత్యేక రేటు పన్నుకు అది వర్తించదు. ఎన్నారైలకైతే వాడని పరిమితిలో సర్దుకునే వెసులుబాటు కూడా లేదు.

సరే, రమణ మార్చి మొదటి వారంలోనే అమ్మాడు, 21,840 మొదటి షేరు మీద ఆదా. కంపెనీ మీద నమ్మకం ఉంది, మళ్లీ కొనాలి. ఇక్కడ పని చెడేది ఎక్కువగా ఒకే చోట. పొద్దున అమ్మి, మధ్యాహ్నం అదే డీమ్యాట్‌లో అదే షేరు కొంటారు. బ్రోకరు దగ్గర ఆ రెండూ ఒకదానికొకటి చెల్లిపోతాయి. డీమ్యాట్ నుంచి ఒక్క షేరు కూడా బయటికి వెళ్లదు, లోపలికి రాదు. అది ఇంట్రాడే అయిపోయింది, పొద్దున ధరకీ మధ్యాహ్నం ధరకీ ఉన్న తేడా స్పెక్యులేషన్ లాభమో నష్టమో అవుతుంది. 640కి కొన్న పాత షేర్లు అలాగే కూర్చుని ఉంటాయి, లక్షా ఐదు వేల నష్టం ఎక్కడా బుక్ కాదు. ఇది ఎలా కనిపెట్టాలి? మర్నాడు బ్రోకరు టాక్స్ రిపోర్టు తెరవండి. ఆ అమ్మకం ఇంట్రాడే శీర్షిక కింద ఉందంటే పని జరగలేదు. మార్చి 31 లోపు ట్రేడింగ్ రోజు మిగిలి ఉంటే మళ్లీ సరిగ్గా చేసుకోవచ్చు. అందుకే ఆఖరి రోజు దాకా ఆగొద్దంటాను.

కాబట్టి గురువారం అమ్మితే శుక్రవారం కొనాలి. మన దేశంలో ఇన్ని రోజులు ఆగాకే అదే షేరు కొనాలన్న నియమం లేదు. అమెరికాలో ఉంది. అక్కడ అమ్మిన తేదీకి 30 రోజుల ముందు గానీ తర్వాత గానీ అదే షేరు కొంటే ఆ నష్టాన్ని అప్పటికి ఒప్పుకోరు. అమెరికాలో పన్ను నివాసులుగా ఉన్న మన వాళ్లు హైదరాబాద్ డీమ్యాట్‌లో చేసే లావాదేవీకి కూడా అక్కడి రిటర్నులో ఆ 30 రోజుల లెక్క వర్తిస్తుంది. ఇక్కడ సరైనదే అక్కడ చెల్లకపోవచ్చు.

ఒక్క రాత్రి ఆగినా ధర కదులుతుంది. 430కి అమ్మినది మర్నాడు 2 శాతం పైన తెరుచుకుంటే 500 షేర్ల మీద 4,300 ఎక్కువ పెట్టాలి. ఆదాలో అయిదో వంతు అక్కడే పోయింది. ఫలితాలు ప్రకటించే ముందు రోజు ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. డబ్బు ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది: గురువారం ముందు 500 కొత్తవి కొనండి, శుక్రవారం 500 అమ్మండి. ముందు వచ్చినవే ముందు పోయినట్టు లెక్క కాబట్టి పాత 640వే పోతాయి. 2,15,000 ఒక రోజు పాటు సర్దగలగాలి, ఆ ఒక్క రోజు మీ దగ్గర రెట్టింపు షేర్లు ఉంటాయి, పడితే రెట్టింపు పడుతుంది.

ముందు వచ్చినవే ముందు పోతాయన్న ఆ నియమం అన్నిసార్లూ మన పక్షం కాదు. రమణ దగ్గర అదే డీమ్యాట్‌లో అదే షేరు 2021లో 300కి కొన్నవి 200 కూడా ఉన్నాయనుకోండి. ఇప్పుడు 500 అమ్మితే మొదట పోయేవి ఆ 200. వాటి మీద షేరుకు 130 లాభం, 26,000 దీర్ఘకాలిక లాభం పుట్టుకొస్తుంది. తర్వాత 640వి 300 పోతాయి, నష్టం 63,000. 1,05,000 అనుకున్నది 63,000 అయింది, పైగా కొత్త లాభం. యాప్‌లో సగటు ధర అని ఒకటి కనబడుతుంది చూశారా, పన్నుకు దాంతో పనిలేదు. ఏ రోజు ఎన్ని వచ్చాయో ఆ వరుస తీసి చూడాలి. ఈ వరుస డీమ్యాట్ ఖాతాకు ఖాతా విడివిడిగా లెక్కిస్తారు, కాబట్టి దీర్ఘకాలానికి దాచుకునేవి ఒక ఖాతాలో, మిగతావి ఇంకో ఖాతాలో ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది తక్కువ.

ఖర్చులు త్వరగా చెప్పేస్తాను. 2,15,000 అమ్మి మళ్లీ అంతే కొంటే షేర్ల లావాదేవీల మీద పడే పన్ను ఎస్‌టీటీ 0.1 శాతం చొప్పున రెండు వైపులా 430, కొనేటప్పుడు స్టాంపు డ్యూటీ 32, ఎక్స్చేంజీ చార్జీలు, డీమ్యాట్ నుంచి షేరు బయటికి వెళ్లినప్పుడు పడే డీపీ చార్జీ కలిపి ఇంకొంచెం. డిస్కౌంట్ బ్రోకరైతే మొత్తం 500 చుట్టుపక్కల. అర శాతం కమీషన్ తీసుకునే బ్రోకరైతే కమీషనూ దాని మీద జీఎస్టీ కలిపి 2,537 అదనం. లాభనష్టాల లెక్కలో కమీషన్ తీసేసుకోవచ్చు, ఎస్‌టీటీ తీయనివ్వరు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఈ 21,840 రమణకి మిగిలినట్టేనా? మళ్లీ కొన్నాడు కాబట్టి అతని కొన్న ధర ఇప్పుడు 640 కాదు, 430. కొన్న తేదీ కూడా ఈ శుక్రవారమే, 12 నెలల లెక్క మళ్లీ మొదటి నుంచి. షేరు తిరిగి 640కి చేరి అప్పుడు అమ్మాడనుకోండి. ఏమీ చేయకుండా ఉంచుకుని ఉంటే లాభం లేదు, పన్ను లేదు. ఇప్పుడైతే 1,05,000 లాభం చూపించాలి.

అది ఏడాది లోపే జరిగితే 20.8 శాతం చొప్పున 21,840 కట్టాలి. అంటే ఆదా చేసిందంతా రూపాయితో సహా వెనక్కి వెళ్లింది. మిగిలింది ఆ డబ్బు ఆ కొన్ని నెలలు మన దగ్గర ఉండటం వల్ల వచ్చిన వడ్డీ. 7 శాతం వేసుకున్నా ఏడాదికి 1,529. అందులో ఖర్చులు 500 తీసేయండి.

ఏడాది దాటాక అమ్మితే, ఆ ఏడాది 1,25,000 మినహాయింపు వేరే లాభాలతో నిండిపోయి ఉంటే, 13 శాతం చొప్పున 13,650 కట్టాలి. నికరంగా మిగిలింది 8,190. 20.8 రేటు దగ్గర వాడుకున్న నష్టాన్ని 13 రేటు దగ్గర తిరిగి కట్టడం వల్ల వచ్చిన తేడా ఇది, దీన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

ఏడాది దాటాక, ఆ ఏడాది వేరే దీర్ఘకాలిక లాభం లేకుండా అమ్మితే 1,05,000 మొత్తం మినహాయింపులో ఇమిడిపోతుంది. పన్ను సున్నా. అప్పుడు మాత్రం 21,840 పూర్తిగా అతనిదే. కాబట్టి యాప్‌లో కనబడే అంకె ఈ మూడింటిలో ఒక్క దారిలోనే పూర్తి నిజం. ఆ దారిలో పడాలంటే తిరిగి కొన్నాక 12 నెలలు కదపకూడదు, తర్వాత లాభాన్ని ఏడాదికింత చొప్పున 1,25,000 గీత లోపల అమ్ముకుంటూ పోవాలి. రెండు మూడు నెలల్లో మళ్లీ అమ్మే అలవాటున్న వాళ్లకి ఈ పని వల్ల ఒరిగేది దాదాపు వడ్డీయే.

షేరు మళ్లీ కోలుకోకపోతే? అప్పుడు లెక్క మరీ సులువు. తిరిగి కొనకుండా ఉంటే చాలు. చచ్చిన షేరును పన్ను కోసం అమ్మి, ఆనవాయితీగా మర్నాడు మళ్లీ కొనడం నాకైతే అర్థం కాదు.

మొత్తం వేరే చోట ఈ నష్టాలకి ఇంకా ఎక్కువ విలువ ఉంది, అది చెప్పి ప్రశ్నలకు వస్తాను. 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్ ఫండ్ల లాభం ఎన్నేళ్లు ఉంచినా స్వల్పకాలికమే, మీ శ్లాబు రేటే. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లు షేర్ల స్వల్పకాలిక నష్టాన్ని దాంట్లో తీసుకుంటే రూపాయికి 31 పైసలు మిగులుతాయి. అలాగే ఈ ఏడాది ప్లాటు అమ్మి దీర్ఘకాలిక లాభం వచ్చిన వాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉంటారు. ఆ లాభానికి 1,25,000 మినహాయింపు లేదు, మొదటి రూపాయి నుంచే పన్ను. షేర్ల దీర్ఘకాలిక నష్టాన్ని దాంట్లో తీస్తే వృథా అయ్యేది ఏమీ లేదు, మొత్తానికీ ఫలితం ఉంటుంది.

ప్రశ్న: ట్రేడింగ్ ఆగిపోయిన కంపెనీ షేర్లు ఉన్నాయండీ, సున్నా అయిపోయాయి. వాటి నష్టం వాడుకోవచ్చా?

అమ్మకం జరగందే నష్టం లెక్కకు రాదండీ. డీమ్యాట్‌లో సున్నా అని కనబడటం చాలదు. ఇంకా ట్రేడ్ అవుతున్నా రోజూ లోయర్ సర్క్యూట్‌లో, అంటే ఆ రోజుకు పడగలిగినంత కింది ధర దగ్గర ఆగిపోయి ఉండే షేర్లదీ అదే కష్టం, ఆర్డరు పెడతారు, కొనేవాడు ఉండడు. అలాంటివి ఉంటే మార్చి దాకా ఆగకుండా కొనేవాళ్లు దొరికిన రోజే వదిలించుకోండి. ఊరికే తెలిసినవాళ్లతో మాట్లాడుకుని, ఒకరు అమ్మి ఒకరు కొని ధర కుదుర్చుకునే పని మాత్రం చేయకండి. అది పన్ను శాఖతోనే కాదు, సెబీతో కూడా తలనొప్పి.

ప్రశ్న: బోనస్ వచ్చాక ధర సగమైంది. అది నష్టం కింద చూపించొచ్చా?

బోనస్ ఎవరికి వస్తుందో తేల్చే రికార్డు తేదీకి ముందు మూడు నెలల లోపు కొని, ఆ తేదీ తర్వాత తొమ్మిది నెలల లోపు పాత షేర్లు అమ్మి, బోనస్ షేర్లు చేతిలో ఉంచుకుంటే ఆ నష్టాన్ని ఒప్పుకోరు. ఒకప్పుడు ఇది మ్యూచువల్ ఫండ్ యూనిట్లకే ఉండేది, 2022 ఫైనాన్స్ చట్టంతో షేర్లకీ వచ్చింది. ఆ నష్టం మొత్తం బోనస్ షేర్ల కొన్న ధరగా మారుతుంది, అవి అమ్మినప్పుడు పనికొస్తుంది.

ప్రశ్న: మార్చి 31న అమ్మితే డబ్బు ఏప్రిల్‌లో వస్తుంది కదండీ. ఏ ఏడాది లెక్క?

కాంట్రాక్టు నోట్ మీద ఉన్న తేదీయే అమ్మిన తేదీ, ఆ తర్వాత డెలివరీ నిజంగా జరిగితే. ప్రత్యక్ష పన్నుల బోర్డు 1995లోనే 704వ నంబరు సర్క్యులర్‌లో చెప్పింది. అయితే 31వ తేదీ సెలవు పడే ఏళ్లు ఉంటాయి, ఎక్స్చేంజీ క్యాలెండరు ముందే చూసుకోండి. ఇంకోటి, అడ్వాన్స్ టాక్స్ ఆఖరి వాయిదా మార్చి 15. ఈ పని ఆ లోపే ముగిస్తే కట్టేటప్పుడే తక్కువ కడతారు. తర్వాత చేస్తే ఎక్కువ కట్టేసి, రీఫండ్ కోసం ఎదురుచూడాలి.

ప్రశ్న: ఈ ఏడాది నాకు లాభాలే లేవు, అన్నీ నష్టాలే. అమ్మడం దండగేనా?

దండగ కాదు. ఎనిమిది అసెస్‌మెంట్ ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు, స్వల్పకాలికం స్వల్పకాలికంగానే, దీర్ఘకాలికం దీర్ఘకాలికంగానే. ఒక్క షరతు, రిటర్ను గడువు తేదీ లోపలే వేయాలి. ఆడిట్ అవసరం లేని ఉద్యోగులకు అది మామూలుగా జూలై 31, పొడిగిస్తే పొడిగించిన తేదీ. ఒక్క రోజు ఆలస్యమైనా, ఆలస్య రుసుము కట్టినా, ఈ ఏడాది నష్టాన్ని ముందుకు పోనివ్వరు. ఫారం ఐటీఆర్-2 వేయండి, ఐటీఆర్-1లో ముందుకు తీసుకెళ్లే నష్టానికి చోటు లేదు. పంపించే ముందు ఆ ఫారంలో ముందుకు తీసుకెళ్లే నష్టాలు చూపే షెడ్యూల్ సీఎఫ్ఎల్ తెరిచి మీ నష్టం అంకె అక్కడ ఉందో లేదో, సరైన వరుసలో ఉందో లేదో చూసుకోండి. అక్కడ లేకపోతే వచ్చే ఏడాది రిటర్నులో అడగడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.